గోడ వదిలేసిన కర్ర

పదకొండేళ్లుగా నా ప్రశ్నపత్రంలో ఒక కర్ర గోడ మీంచి కిందికి జారుతోంది. నున్నటి గోడ, నున్నటి నేల, దాదాపు నిటారుగా నిలబెట్టి వదిలేసిన కర్ర. నేలతో ముప్పై డిగ్రీల కోణానికి వచ్చేసరికి దాని కోణీయ వేగం ఎంత? నాలుగు ఆప్షన్లు, జవాబు బి. ఈ ప్రశ్న అంటే నాకు ముద్దు, ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ముద్దు ఎందుకంటే, దీన్ని విప్పే పద్ధతి అంత అందంగా ఉంటుంది. కర్ర పైకొస గోడ వెంట కిందికి దిగుతుంది, కింది కొస నేల వెంట పక్కకి పోతుంది. ఒక్కో కొస కదిలే దిశకు లంబంగా గీత గీస్తే, ఆ రెండు గీతలూ గాలిలో ఒకచోట కలుస్తాయి. గోడ మూల, కర్ర రెండు కొసలు, ఈ చోటు కలిస్తే దీర్ఘచతురస్రం. ఆ క్షణానికి కర్ర మొత్తం ఆ నాలుగో మూల చుట్టూ తిరుగుతున్నట్టే. దాన్నే తక్షణ అక్షం అంటాం. దాని చుట్టూ జడత్వ భ్రామకం ఎంఎల్ స్క్వేర్ బై మూడు. కర్ర దిగినందుకు పోయిన స్థితిశక్తిని తిరిగే శక్తికి సమానం చేస్తే రెండు లైన్లలో జవాబు చేతికొస్తుంది. పిల్లలు నా వెనక నన్ను 'మూల సార్' అంటారు. వినపడనట్టు నటిస్తాను గానీ, లోపల సంబరంగానే ఉంటుంది.

మా కాలేజీలో పరీక్ష మర్నాడు పన్నెండింటికి జవాబుల కీ అంటిస్తాం. నాలుగింటి దాకా అభ్యంతరాల చీటీలు తీసుకుంటాం. ఐదింటికి ఎ సెక్షన్ జాబితా పెడతాం. అందులో నలభై మందే. పెద్ద పోటీ పరీక్షకు తయారుచేసేది ఆ నలభై మందినే.

ఆ రోజు ఫిజిక్స్‌కి ఒకే ఒక్క చీటీ వచ్చింది. 'ఇరవై మూడో ప్రశ్నకు జవాబు లేదు. ముప్పై డిగ్రీల దగ్గర కర్ర గోడని తాకి ఉండదు.'

నాకు ఒళ్లు మండింది. నా కర్ర జోలికే వచ్చారా! ఎవరా అని మార్కుల పట్టిక చూస్తే, వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి. నలభై ఒకటో స్థానం. రెండు మార్కుల్లో ఎ సెక్షన్ తప్పిపోయింది. ఇరవై మూడో ప్రశ్న ఖాళీగా వదిలేసింది. ఓహో, అదా సంగతి, నాలుగు మార్కుల కోసం నా మీద పడిందన్నమాట అనుకుని కబురు పెట్టాను.

వచ్చి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో నలిగిన రఫ్ కాగితం ఉంది.

"ఏమ్మా, నా కర్ర గోడని వదిలేసి ఎక్కడికి పోయింది?" అన్నాను వెటకారంగా.

"ముందుకే పోయింది సార్," అంది. వెటకారం ఆ పిల్లకి అంటలేదు. "నేను మీ పద్ధతిలోనే చేశాను. మీరు చెప్పిన నాలుగో మూలతో కోణీయ వేగం కట్టాను. ముప్పై డిగ్రీల దగ్గరే కాదు, దారి పొడుగునా కట్టాను."

"దారి పొడుగునా ఎందుకు? నేనడిగింది ఒక్కచోటే కదా."

"ఊరికే సార్. ఎలా పెరుగుతుందో చూద్దామని."

కాగితం నా ముందు పెట్టింది. కర్ర మధ్య బిందువు పక్కకి పోయే వేగం, దాని వర్గం. స్థిరాంకాలు తీసేసి అంకెలు మాత్రం వేసుకుంది. పైకొస ఎత్తు కర్ర పొడవులో పదింట తొమ్మిది వంతులు ఉన్నప్పుడు ఎనభై ఒకటి. ఎనిమిది వంతుల దగ్గర నూట ఇరవై ఎనిమిది. ఏడు దగ్గర నూట నలభై ఏడు. ఆరు దగ్గర నూట నలభై నాలుగు. ఐదు దగ్గర, అంటే నా ముప్పై డిగ్రీల దగ్గర, నూట ఇరవై ఐదు.

"పెరిగి పెరిగి తగ్గుతోంది సార్," అంది. "పక్కకి పోతున్న కర్రని వెనక్కి లాగితే కదా ఆ వేగం తగ్గాలి? నేల నున్నగా ఉంది, అది పక్కకి ఏమీ చెయ్యలేదు. ఇక మిగిలింది గోడే. గోడ తోస్తుంది గానీ లాగదు కదా సార్?"

కాగితం దగ్గరికి లాక్కుని ఎక్కడ గరిష్ఠమో నేనే కట్టి చూశాను. సరిగ్గా మూడింట రెండు వంతుల ఎత్తు దగ్గర. అక్కడ గోడ తోపు సున్నా అయిపోతుంది, కర్ర గోడని వదిలేస్తుంది. ఆ తర్వాత పైకొస గోడ వెంట దిగదు, కాబట్టి నేను గీసే గీత తప్పు, నా నాలుగో మూల అక్కడ ఉండదు. నా ముప్పై డిగ్రీలు దానికి చాలా కింద. గోడని వదిలేసిందని మళ్లీ కడితే వచ్చిన వేగం బి కంటే కాస్త తక్కువే, నాలుగు ఆప్షన్లలో దేనితోనూ సరిపోదు.

అయినా నమ్మబుద్ధి కాలేదు. "పద ల్యాబ్‌కి," అన్నాను.

మీటరు కర్ర తీశాం. గోడకి, గచ్చుకి పౌడరు రాశాం. గోడ మీద పది సెంటీమీటర్లకొక సుద్దగీత గీశాం. అమ్మాయి కర్ర వదిలింది, నేను నేల మీద బోర్లా పడుకుని ఫోన్‌లో వీడియో తీశాను. స్లో మోషన్‌లో చూస్తే కర్ర బుద్ధిగా గోడ పట్టుకుని దిగింది. యాభై, అరవై గీతల మధ్య, దాదాపు యాభై ఐదు దగ్గర పైకొసకి, గోడకి మధ్య సన్నటి వెలుతురు కనిపించింది.

"అరవై ఏడు దగ్గర రావాలి కదా?" అన్నాను ఆశగా. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని.

"గచ్చు రాపిడి కింది కొసని పట్టి ఉంచుతోంది సార్. అందుకే కాస్త ఆలస్యంగా వదిలింది. రాపిడి లేకపోతే ఇంకా ముందే వదిలేది."

అదీ నిజమే. నా కళ్ల ముందే నా కర్ర నన్ను వదిలేసింది. నాకు సిగ్గేసింది. అంతకు మించి, ఏళ్ల తర్వాత మొదటిసారి, తర్వాత ఏమవుతుందో చూడాలని ఆత్రం పుట్టింది. ఇంకో మూడుసార్లు వదిలించి చూశాను.

నాలుగున్నరకు ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ అద్దాలు తీసి పక్కన పెట్టారు.

"పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు కదండీ. వచ్చే ఏడాది మార్చుకోండి. ఇప్పుడు ఎందుకు గొడవ?"

"గొడవ కాదు మేడం, తప్పు. నాది. ఆ ప్రశ్నకి ఏం రాసినా, రాయకపోయినా అందరికీ నాలుగు మార్కులు ఇవ్వండి."

"ఇస్తే ఈ అమ్మాయి లోపలికొస్తుంది, నలభయ్యో స్థానంలో ఉన్నవాడు బయటికెళ్తాడు. వాడు మీరు నేర్పిందే రాశాడు."

"వాణ్నీ ఉంచండి. నలభై ఒకటో కుర్చీ నేనే మోసుకొస్తాను."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసి, జాబితా మీద నలభై కొట్టేసి నలభై ఒకటి రాశారు.

బయట వరండాలో అమ్మాయి నిలబడి ఉంది. చెప్పాను. ముఖం విప్పారింది, వెంటనే కళ్లు తుడుచుకుంది.

"అదంతా సరే గానీ, ఒక మాట చెప్పు," అన్నాను. "నేను బి అనుకుంటానని నీకు తెలియలేదా?"

"తెలుసు సార్. బి ఎలా వస్తుందో కూడా తెలుసు. అదే ముందు వచ్చింది."

"మరి జవాబు కాగితంలో బి గుండ్రం దిద్దేసి, చీటీ తర్వాత రాయొచ్చుగా? చీటీ ఒప్పుకోకపోతే సెక్షన్ పోయేది కదా."

"దిద్దబోయాను సార్," అంది తలొంచుకుని. "కర్ర అక్కడ లేదని తెలిశాక చెయ్యి రాలేదు."

నేను పదకొండేళ్లు ఏ అనుమానమూ లేకుండా దిద్దిన గుండ్రం అది. మెల్లగా వెళ్లమని చెప్పి, కుర్చీ కోసం స్టోర్‌రూం వైపు నడిచాను.