చుక్కి పాలివ్వని మూడు రోజులు

ఆడపిల్ల మఠంలో చేరిందంటే చాలు, పెళ్లి కుదరలేదేమో, ఇంట్లో గెంటేశారేమో అనుకుంటారు జనం. నన్నెవరూ గెంటలేదు. మా నాయిన పరంజ్యోతి నాకు శామీర్‌పేటలో రెండెకరాల సంబంధం కూడా చూశాడు. పిల్లవాడు బాగానే ఉంటాడు, చెవులొక్కటే కాస్త పెద్దవి. నేనే వద్దన్నాను. అత్వెల్లికీ మేడ్చల్‌కీ మధ్య ఉన్న సిస్టరమ్మల మఠంలో చేరతానని మూడు నెలలు అన్నం సరిగ్గా తినకుండా మొండికేశాను. నా మొండితనం సంగతి తెలిసినవాడు కనుక చివరికి ఆయనే బండి కట్టి దింపాడు.

నేను చేరిన వారానికే మళ్లీ వచ్చాడు, ఈసారి మా బర్రె చుక్కిని తోలుకుని. నుదుటి మీద రూపాయంత తెల్లమచ్చ ఉంటుంది, అందుకని ఆ పేరు. మఠానికి దానం ఇస్తున్నానని పెద్ద మదర్‌కు చాలా భక్తిగా చెప్పాడు. అసలు సంగతి గేటు దగ్గర నా చెవిలో వేశాడు.

"నువ్వు తప్ప ఎవలు చెయ్యి పెట్టినా తంతాంది బిడ్డా. నన్నే తన్నింది. ఇగ నువ్వే పిండుకో."

ఆరు నెలలు పరీక్షగా ఉన్నాక నాకు తెల్ల అంగీ తొడిగి, జుట్టు కత్తిరించి, సిస్టర్ అనస్తాసియా అని పేరు పెట్టారు. ఇంట్లో పిలిచే ఎస్తేరు అన్న పేరే ఉంచితే నోటికి తేలిగ్గా ఉండేది, కానీ పేరు కూడా మనది కాదు కదా. నేను వేసుకొచ్చిన ఎర్రచీర మడిచి ఒక పెట్టెలో పెట్టారు. మాటపట్టు, అంటే సన్యాస ప్రమాణం, ఇచ్చేదాకా ఎవరి చీర వాళ్లకోసం అలా దాచి ఉంచుతారు. వెళ్లిపోవాలనిపించిన రోజున అడిగి కట్టుకుని పోవచ్చు, ఎవరూ ఆపరు. అంగీకి పేడ అంటకుండా పాలు పిండేటప్పుడు ఆ చీర పైన చుట్టుకోవడానికి మాత్రం నాకు అనుమతి దొరికింది.

అనుమతి అంటే గుర్తొచ్చింది. మఠంలో సూది కావాలన్నా అడగాలి. నాలుగున్నరకు గంట కొడితే ముఖం కడుక్కుని గుడిలో ఉండాలి. అరగంట మౌనధ్యానం, లాటిన్ ప్రార్థనలు, పూజ, తరువాత గంజి. ఆపైన ఒకరు బడికి, ఒకరు మందుల గదికి, ఒకరు తోటకు. మధ్యాహ్నం భోజనంలో మాటల్లేవు, ఒక సిస్టర్ పునీతుల చరిత్ర చదువుతుంటే మిగతావాళ్లం నమలాలి. సాయంత్రం ఒక గంట మాత్రం కలిసి కూర్చుని నవ్వుకోవచ్చు. రాత్రి ప్రార్థన అయిన దగ్గరనుంచి మర్నాడు పూజ అయ్యేదాకా పెద్ద మౌనం. బర్రెతో మాట్లాడితే మౌనం చెడుతుందా లేదా అని నా వల్ల ఒక చర్చ కూడా జరిగింది. నాలుకతో టక్ టక్‌మనడం మాట కాదు, పేరు పెట్టి పిలవడం మాటే అని తేల్చారు.

ఆ తేల్చింది మా నవసన్యాసినుల గురువు మదర్ ఫిలోమినా. గుంటూరు మనిషి, పొడుగ్గా, సన్నగా, నవ్వడానికి కూడా అనుమతి తీసుకునే రకం. శనివారం శనివారం ఆమె ముందు మేం మోకరించి ఆ వారం నియమం తప్పిన సంగతులు పైకి చెప్పాలి. తలుపు గట్టిగా వేశాను, కుండ పగలగొట్టాను, ఇట్లాంటివి. పాపాలు ఫాదర్ దగ్గర, ఇవి ఇక్కడ. నాది ఏ వారమైనా ఒకటే.

"సుక్కికి పిడికెడు తవుడు అడగకుండ ఎక్కువేసిన, మదర్."

నేల ముద్దు పెట్టుకోమనేది. పెట్టుకునేదాన్ని. మళ్లీ శనివారం అదే తవుడు. పందొమ్మిది వందల నలభై ఆరు సంక్రాంతి తరువాత, నా మాటపట్టుకు నెల పైన కొన్ని రోజులే ఉందనగా, ఆమె నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"అమ్మాయ్, ఇల్లొదిలావు, పెళ్లొదిలావు, నాయన్నొదిలావు. బర్రె మాత్రం నాదంటున్నావు. రేపట్నించి నువ్వు దొడ్లో కాలు పెట్టొద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాలు ఎవరు పిండుతారని అడగబోయి నాలుక కొరుక్కున్నాను. సరే మదర్ అని వచ్చి, బట్టలు ఆరేసే చోట దుప్పటి చాటున నిలబడి ఏడ్చాను. రోషంతోనూ ఏడ్చాను, బెంగతోనూ ఏడ్చాను.

మొదటిరోజు బండి తోలే బక్కయ్య వెళ్లాడు. కుంటుతూ వచ్చాడు. రెండోరోజు సిస్టర్ ఆగ్నెస్ జపమాల చేత పట్టుకుని వెళ్లింది. జపమాల గడ్డివాములో దొరికింది. మూడోరోజు ముగ్గురు కలిసి వెళ్లి అరసోలెడు పాలు, వంగిన చెంబు పట్టుకొచ్చారు. మందుల గదికి వచ్చే తల్లిలేని పసివాళ్లకు పాలు లేవు. వాకిలి ఊడుస్తూ చుక్కి అరుపు వింటుంటే నా కాళ్లు దొడ్డివైపే లాగేవి. వెళ్లలేదు. పౌరుషమో విధేయతో అప్పుడు నాకే తెలియదు.

అప్పుడు బక్కయ్య ఒక ఉపాయం చెప్పాడు. మా ఊళ్లలో అందరికీ తెలిసిందే: ఒక్క చేతికే అలవాటు పడిన బర్రెను పిండాలంటే ఆ మనిషి బట్ట కట్టుకుని కూర్చోవాలి. పెద్ద మీసాల మగవాళ్లు కూడా పెళ్లాం చీర కొంగు ముసుగేసుకుని పిండుతారు. సిస్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకొకరికి చెప్పడం ఇష్టం లేక కాబోలు, నేనే కట్టుకుంటానంది మదర్ ఫిలోమినా.

మర్నాడు తెల్లవారుతూనే, పూజకు ముందు, ఆ పొడుగు మనిషి నా ఎర్రచీరను అంగీ మీద మోకాళ్ల దాకా చుట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని దొడ్లోకి నడిచింది. పెద్ద మౌనం కనుక మాట లేదు, టక్ టక్ మాత్రమే. చుక్కి వాసన చూసింది. అనుమానంగా తల ఊపింది. చివరికి పాలు చేపింది. నేను చీపురు పట్టుకుని వాకిట్లోంచి చూస్తున్నాను. పాలధార చెంబులో పడుతున్న చప్పుడు వినిపించింది. అమ్మయ్య అనుకున్నాను, కడుపు కూడా మండింది.

సరిగ్గా అప్పుడే ఫాదర్ జయరాజు దొడ్డి పక్క గేటు తోసుకుని వచ్చాడు. అరవై దాటినాయన, చూపు ఆనదు. మాటపట్టుకు నెల ముందు బిషప్‌గారి తరఫున ఒక గురువు వచ్చి, ఆ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేశారా, ఏం చేస్తున్నావో తెలిసే చేస్తున్నావా అని అడగాలి. అది తిరుసభ, అంటే మా చర్చి, పెట్టిన చట్టం. నన్ను అడగడానికే రాత్రి మేడ్చల్‌లో దిగి, పొద్దున్నే పూజ చెప్పాలని పచ్చిమంచినీళ్లయినా ముట్టకుండా నడిచి వచ్చాడు. గేటు దాటగానే ఆయనకు కనబడింది ఇంటిచీర కట్టుకుని ముఖం దాచుకున్న ఆడమనిషి.

నా సంగతి ఆయనకు అర్థమైపోయింది. పాపం పిల్ల, చీర కట్టేసుకుంది, వెళ్లిపోవాలనుకుంటోంది! దగ్గరికి వెళ్లి, ఇల్లు గుర్తొచ్చిందా తల్లీ అని అడిగాడు. మదర్ నోరు తెరవలేదు. తెరిస్తే మౌనమూ చెడుతుంది, గొంతు గుర్తుపట్టి చుక్కి పాలూ ఎగ్గొడుతుంది. చుక్కి తోకతో ఆమె కళ్ల మీద ఒక్కటిచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిన్నెవరైనా బలవంతం పెట్టారా అని అడిగాడు. అప్పుడే చుక్కి ఆమె కాలు తొక్కింది. మదర్ పళ్లు బిగపట్టి తల పైకీ కిందికీ ఊపేసింది. ఇదంతా నా కళ్లముందే. మౌనం కనుక నేను అరవకూడదు, ఆజ్ఞ కనుక దొడ్లో అడుగు పెట్టకూడదు. చీపురు ఊపాను. ఆయన అది పలకరింపనుకుని నాకు దీవెన ఇచ్చి పెద్ద మదర్ గదికి వెళ్లిపోయాడు.

క్షణంలో నాకు పిలుపొచ్చింది, మౌనం విడవడానికి అనుమతితో సహా. ఫాదర్ ముఖం ఎర్రబడి ఉంది. బలవంతపు మాటపట్టు చెల్లదనీ, ఈ పిల్లను ఇవాళే ఇంటికి పంపాలనీ పెద్ద మదర్‌కు గట్టిగా చెబుతున్నాడు. నన్ను చూసి, దొడ్లో ఏడ్చింది నువ్వే కదమ్మా అన్నాడు. నేను కాదన్నాను. మరెవరని అడిగాడు. మూడు రోజులుగా ఆమెను మనసులో ఎన్ని తిట్టానో నాకే లెక్క లేదు, కానీ ముసుగేసుకుని తన్నులు తిన్న సంగతి నా నోట చెప్పి ఆమె పరువు తీయలేకపోయాను. తలొంచుకున్నాను. అది ఒప్పుకోలు అనుకున్నాడాయన. నా చీర ఇచ్చి పంపమన్నాడు. పెద్ద మదర్ పెట్టె తెప్పించి తెరిచింది. చీర లేదు.

చీర గుమ్మంలో నిలబడి ఉంది. మోకాలి దాకా పేడ, చేతిలో నిండు చెంబు, కొంగు కింద మదర్ ఫిలోమినా. సంగతి గ్రహించి చెంబు దించి మోకరించింది.

"ఏడ్చింది నేను ఫాదర్. నన్ను బలవంతం పెట్టింది బర్రె."

ఫాదర్ జయరాజు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. తరువాత గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు చాలాసేపు ఊగాయి.

పూజ అయ్యాక నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అసలు ప్రశ్న అడిగాడు. ఎందుకమ్మా నీకిది అని.

"మా వాడల కలరా వచ్చినప్పుడు మా పక్కింటి సత్తమ్మను ముట్టనీకి సొంత కోడలు రాలె, ఫాదర్. ఈడికెల్లి ఒక సిస్టరమ్మ వచ్చి మూడు దినాలు ఆమె తాన్నే కూసున్నది. ఆమెకు పొలం లేదు, మొగుడు పిల్లలు లేరు, మఠపోల్లు పొమ్మన్నరు, వచ్చింది. ఏసుసామి గట్లనే బతికిండట. నాక్కూడ గట్లనే బతకాలె. నా చేతుల ఏదన్న ఉంటే దాన్నే పట్టుకొని కూసుంట, నా గుణం నాకెర్కనే."

బర్రె సంగతేమిటన్నాడు.

"మూడు దినాలు ఏడ్సిన. ఇంక ఏడుస్తనే ఉన్న. గని దొడ్ల కాలు పెట్టలె."

ఏడవకూడదని మీ నియమంలో ఎక్కడా లేదులే అన్నాడు ఆయన.

ఆ వారమే పెద్ద సిస్టర్లు నలుగురూ నా గురించి ఓటు వేశారు. రహస్యపు ఓటు: చేర్చుకోవాలంటే మూతకుండలో తెల్ల అనపగింజ, వద్దంటే నల్ల మినపగింజ. కుండ బోర్లిస్తే మూడు తెల్లవి, ఒకటి నల్లది. ఆ నల్లది ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు, చుక్కి తన్నిన సిస్టర్ ఆగ్నెస్ మీదే నా అనుమానం.

నెల తరువాత గుడిలో మోకరించి, పేదరికం, కన్యత్వం, విధేయత అని మూడేళ్లకు మాట ఇచ్చాను. మా నాయిన చివరి బెంచీ మీద కూర్చుని ముక్కు చీదుతూనే ఉన్నాడు. ఇక నాకు ఇంటికి వెళ్లే చీర అక్కర్లేదు కనుక ఎర్రచీర దొడ్లోనే ఉండిపోయింది, మదర్ ఫిలోమినాతోనే. నాకు మందుల గదిలో పని ఇచ్చారు. చుక్కి ఇప్పుడు ఆమెను చూడగానే అరుస్తోంది. నన్ను చూస్తే గడ్డి నములుతోంది. బర్రెజాతి అంతే!

నవసన్యాసినులకు వేరు, మాటపట్టు ఇచ్చినవాళ్లకు వేరు శనివారం. ఆ శనివారం మొదటిసారి నేను పెద్దవాళ్ల వరసలో మోకరించాను. అక్కడ మదర్ ఫిలోమినా కూడా అందరితోపాటే చెప్పాలట. ఆమె వంతు వచ్చింది. నేల చూపులు చూస్తూ గొంతు సవరించుకుంది.

"నేను బర్రెకు... అడక్కుండా పిడికెడు తవుడు ఎక్కువేశాను, మదర్. ఈ వారం అయిదుసార్లు."

నాకు నవ్వు ఆగలేదు. పెద్ద మదర్ మా ఇద్దరినీ నేల ముద్దు పెట్టుకోమంది. పక్కపక్కనే వంగాం. ఆమె కన్నీళ్లు నా కళ్లకు కనిపించాయి. దుఃఖంతో కాదు, ఆవిడ కూడా నవ్వుతోంది.