పది సెకన్లు వెనక్కి

సదానందం సారుకు తన గొంతంటే మహా మోజు. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్న మనిషి. మూడు జిల్లాల కాలేజీల కోసం జనగామలో వీడియో పాఠాలు తీస్తుంటే మొదటి పిలుపు తనకే వచ్చిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అలాంటి మనిషికి, వీడియోలు ఎడిట్ చేసే వినీత ఒకరోజు కంప్యూటర్లో అంకెలు చూపించింది. నూటికి అరవై మంది ఆయన పాఠాన్ని ఒకటిన్నర రెట్లు, అంతకన్నా ఎక్కువ వేగంతో చూస్తున్నారు.

సారు మొహం మాడిపోయింది. “అంటే నేను గంత మెల్లగ చెప్తున్ననా?”

“గట్ల కాదు సార్. ముచ్చట్లు ఎక్కువున్నకాడ ఉరికిస్తున్నరు. స్క్రిప్టుల ముచ్చట్లు తగ్గించుండ్రి, చాలు. మీరు ఉరకద్దు.”

ఆయన చెవికి ఎక్కింది సగమే. పద్దెనిమిది నిమిషాల కటకాల (లెన్సుల) పాఠాన్ని తొమ్మిదికి కుదించి, ఊపిరి తీసుకోకుండా మళ్లీ చెప్పాడు. మరి దేనికి కత్తెర వేశాడు? లెక్కలో అసలు మెట్టుకు. వస్తువు దూరానికి మైనస్ గుర్తు పెట్టి సూత్రంలో వెయ్యాలన్న మాటను నాలుగు సెకన్లలో అనేసి, అదీ బోర్డుకు అడ్డంగా నిలబడి రాసి, వెంటనే తుడిచేశాడు. దానికి ముందున్న తన సొంత జోకును మాత్రం భద్రంగా ఉంచుకున్నాడు.

నెల తిరిగాక వినీత ఇంకో గీత చూపించింది. ఏ క్షణాన్ని ఎన్నిసార్లు చూశారో చెప్పే గీత అది. పాఠమంతా చదునుగా సాగి, ఆరో నిమిషంలో ఒక్కసారిగా గుట్టలా లేచింది. సరిగ్గా జోకు దగ్గర.

“చూసినవా బిడ్డా! జోకును మళ్ల మళ్ల చూస్తున్నరు!”

“జోకు అయిపోయినంక గూడ గట్లనే ఉన్నది సార్. మనం జర ఆలోచించాలె.”

ఆలోచించే ఓపిక ఎవరికుంది? మహబూబాబాద్‌లో లెక్చరర్ల మీటింగు జరిగితే, మైకు పట్టుకుని ఆ గీతను గోడ మీద వేయించి, “పాఠానికి ప్రాణం హాస్యమే” అని పావుగంట ఊదరగొట్టాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

తర్వాతి వారం చిట్యాలకు వెళ్లాడు. అక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సారు లేడు, పిల్లలకు ఆ వీడియోలే దిక్కు; పేపర్లు దిద్దే పనీ ఈయన మీదే పడింది. అసలు పరీక్షకు పది రోజులే ఉన్నాయి. ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతుంటే కటకం లెక్క దగ్గర ఆయన పెన్ను ఆగింది. వస్తువు ఇరవై సెంటీమీటర్ల దూరంలో, నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) పదిహేను. జవాబు అరవై రావాలి. ముప్పై ఒక్క పేపర్లలో ఒకే తప్పు: ఎనిమిదిన్నర చిల్లర.

“సిగ్గు లేదా మీకు? ఒకన్ని చూసి ఒకలు దించుతరా?” అని క్లాసులోకి పోయి విరుచుకుపడ్డాడు. అందరికీ ఆ లెక్కకు సున్నా అన్నాడు.

తేజస్విని అనే అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో వాళ్లమ్మ పోశమ్మ ఫోన్. “మేము దించలే సార్. మీ వీడియో చూసే చేసినం.”

“రెండింతల స్పీడుల చూస్తే గిట్లనే ఉంటది!”

“ముచ్చట్లు రెండింతల స్పీడుల చూస్త సార్. కటకం లెక్కల గా లైన్ కాడ ముప్పావు స్పీడు పెట్టిన. అయినా అందలే.” ఆమె కాస్త తడబడి, జోకును గడగడా అప్పజెప్పింది: “‘గీ అద్దాలు పెట్టుకుంటే బామ్మర్ది దగ్గరికొచ్చిండు, దూరం పంపే అద్దాలియ్యి’ అన్నడట తాత.”

క్లాసంతా గొల్లుమంది. సారు మీసాల కింద నవ్వు మెదిలింది. “జోకు గంత నచ్చిందా?”

“నచ్చుడు కాదు సార్. గా లైన్ కోసం పది సెకన్లు ఎనకకు నొక్కితే, జోకు మీద పోయి పడ్తది. లైన్ ఇనాలంటే ప్రతిసారి జోకు ఇనాలె. ఇరవై సార్లు ఇన్న. మైనస్సు మాత్రం మీ ఈపు ఎనక ఉన్నది.”

నవ్వులు ఆగిపోయాయి. సారు మనసులోనే లెక్క కట్టాడు. మైనస్ మరిచి ఇరవైని ప్లస్‌గా వేస్తే వచ్చేది ఎనిమిదిన్నర చిల్లరే. లెక్క తప్పింది పిల్లలు కాదు. ఆ గుట్ట జోకుకు దక్కిన మెచ్చుకోలు కాదు, ఇలాంటి పిల్లలంతా తన వీపు వెనక్కి తొంగి చూడాలని పడ్డ తంటా. దాన్నే మైకులో చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు.

“తప్పు నాది బిడ్డా. మిమ్ముల దొంగలన్న, మాఫ్ చెయ్యుండ్రి,” అన్నాడు. బోర్డు మీద ఆ మెట్టు రాసి, అందరూ రాసుకునేదాకా పక్కకు జరిగి నిలబడ్డాడు. సున్నాలు కొట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే జనగామలో వినీత ముందు కూర్చున్నాడు. పలకరింపులు, సొంత గొప్పలు పోగా పాఠం పన్నెండు నిమిషాలకు వచ్చింది. అందులో ఆ ఒక్క మెట్టుకే నిమిషమున్నర.

“జోకు ఉంచుదామా సార్?” అని అడిగిందామె.

“తీసెయ్ బిడ్డా. నువ్వు ఎన్నడో చెప్పినవు, నేనే ఇనలే. మహబూబాబాద్ల ఆ రోజున్న సార్లందరికీ గీ సంగతి నేనే ఫోన్ చేసి చెప్పుకుంట.”

కెమెరా ముందు బోర్డు మీద మైనస్ గుర్తు పెద్దగా రాసి ఆయన పక్కకు జరిగాడు. మాట్లాడకుండా పది సెకన్లు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఎన్ని బోర్డులకు అడ్డంగా నిలబడి ఉంటాడో, ఆ పది సెకన్లలో ఆయనకు అదే గుర్తొచ్చింది.