మొదటి మెసేజ్

ఎవరో కార్ల తలుపులు లాగడం కిటికీలోంచి చూసిన దర్జీ ఆవిడ కంగారుపడి కాలనీ కాపలా వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది: "పార్కు వెనక కార్ల దొంగ! పట్టుకోండి!"

గ్రూపు నడిపే పంతులమ్మ వెంటనే ఫోన్ చేసింది. "నువ్వు కళ్లారా చూసింది మాత్రమే రాయి చెల్లీ."

ఆవిడ దాన్ని చెరిపేసి, పోలీసులకు ఫోన్ చేసి, మళ్లీ రాసింది: "ఇప్పుడే పార్కు వెనక వీధిలో, బూడిదరంగు చొక్కా పెద్దాయన రెండు కార్ల తలుపులు లాగి చూశారు. ఎందుకో తెలీదు. పోలీసులకు చెప్పాను, ఎవరూ ఎదురెళ్లకండి."

"అయ్యో, ఆయన మా మావయ్య! మతిమరుపు. ఎప్పుడో అమ్మేసిన కారు వెతుక్కుంటున్నారు," అని ఆయన కోడలు గ్రూపులో జవాబిచ్చింది.

దర్జీ ఆవిడా, ఆ కోడలూ అక్కడికి పరుగెత్తారు. మొదటి మెసేజ్ చదివినవాళ్లు అప్పటికే ఆయన్ని పట్టుకున్నారు. కాలరు చిరిగింది.

"తప్పు నాదే బాబాయ్‌గారూ," అంది దర్జీ ఆవిడ.

"మా కారు కనబడిందా అమ్మా?" అన్నారాయన, ఆశగా.

ఆమె ఆయన చిరిగిన కాలరు సర్దింది.