అక్షరాల్లో ఇరవై ఏడు వేలు

"నాలుగింటికల్లా బ్యాంకుకు పేరు చెప్పాలి. సాకులు నాకొద్దు, పేరు కావాలి," అంది మేనేజర్ రాజరాజేశ్వరి. అప్పటికి మూడు ఇరవై.

బ్యాంకు చెక్కుల వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు అది. గోడ తెర మీద ఒక చెక్కు బొమ్మ. అంకెల్లో 2,70,000. అక్షరాల్లో రెండు లక్షల డెబ్బై వేలు. రెండూ ఒక్కటే. అయినా మధ్యాహ్నం ఎవరో అక్షరాల గడిలో ఇరవై ఏడు వేలని కొట్టారు. 'అంకెలకూ అక్షరాలకూ తేడా' అన్న కారణంతో చెక్కు తిరిగి వెళ్లిపోయింది. ఒకటిన్నర దాటాక పది నిమిషాల్లో అలాంటివి మూడు. మూడూ సంయుక్త లాగిన్ నుంచే.

"నేను కాదండి," అంది సంయుక్త ఏడుపు ఆపుకుంటూ. "ఒకటిన్నరకి కాంటీన్‌కి వెళ్లానండి. స్క్రీన్ లాక్ చేయడం మర్చిపోయాను. అదొక్కటే నా తప్పు."

"ఎవరన్నా చూసిండ్రా నిన్ను?" అడిగాడు టీమ్ లీడర్ వేణు.

సంయుక్త తల అడ్డంగా ఊపింది. ఆమె సీటు స్తంభం చాటున ఉంటుంది, కెమెరాకు అందదు.

ఎంట్రీలు సరిచూసే రజిత పక్క సీట్లోంచి అంతా వింటోంది. లోపల మాత్రం ఎవరో పంచదార వేసినట్టుంది. ఈ అంతస్తులో ఆమెకు ఆరేళ్లు. కూకట్‌పల్లి నుంచి నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్లకు ఎనిమిది నెలలు. తప్పుల పట్టికలో సున్నా. పోయిన వారం బ్యాంకు వాళ్లు ఆమెను మెచ్చుకుంటూ రాసిన మెయిల్‌ను రాజరాజేశ్వరి అందరి ముందూ చదివింది. కొత్త షిఫ్ట్ లీడర్ రజితా, సంయుక్తా అన్నది సోమవారం తేలుతుంది. ఆ మెయిల్ విన్న రోజు రజిత శేరిలింగంపల్లి దాకా బస్సులో నిలబడే వెళ్లింది. పక్కన సీటు ఖాళీ అయినా చూసుకోలేదు.

వేణు రిపోర్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "క్వాలిటీ చెకింగ్ నీది. సంతకం పెట్టు రజితా. ఇగ సోమవారం కోసం ఫికర్ చేసే పని లేదు నీకు."

"ఎంట్రీలు జర చూడనియ్యి అన్నా."

"చూసేదేముంది? లాగిన్ ఆమెది, వేళ్లు ఆమెవి. పెద్ద తోపు అన్నరు గద. తోపు కథ గిట్లుంటది."

నవ్వాలనిపించింది రజితకు. నవ్వలేదు. సంతకం పెట్టేముందు మూడు రికార్డులూ తెరిచింది. సంయుక్త నిర్లక్ష్యం కళ్లారా చూసి సంతోషపడాలని తెరిచింది, అంతే.

తేదీలు సరిగ్గానే ఉన్నాయి. అంకెలూ సరే. చెక్కు ఎవరి పేరున ఉందో రాసే గడి దగ్గర ఆమె చేయి ఆగింది. మూడు చెక్కుల మీదా, కంపెనీల పేర్లకు ముందు వేసే 'మెసర్స్' ఉంది. ఎంట్రీలో ఒక్కదానికీ లేదు.

ఒకప్పుడు అలాగే కొట్టేవాళ్లు. మెసర్స్, శ్రీ, శ్రీమతి అన్నీ వదిలేయమనేవారు. రెండేళ్ల కిందట కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక, చెక్కు మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాలన్నారు. వేళ్లు మాట వినడానికి రజితకే నెల పట్టింది. సంయుక్త ఆ పాత పద్ధతిని ఎరుగదు. రజిత ఆమె పాత ఎంట్రీలు తీసి చూసింది. వందల మెసర్స్‌లు. ఒక్కటీ జారలేదు.

కొత్త పద్ధతి రాకముందే ఎంట్రీ మానేసిన చేతులు ఈ గదిలో ఒక్క జతే ఉన్నాయి. టీమ్ లీడర్ అయి మూడేళ్లు. కొత్త పద్ధతిని అందరికీ చెప్పింది అతనే, కానీ ఒక్క చెక్కూ అలా కొట్టలేదు.

ఎందుకో కూడా ఆమెకు వెంటనే అర్థమైంది. కొత్త బ్యాచ్‌కు శిక్షణ ఇచ్చే పని ఏటా అతనిదే. మొన్న దాన్ని రాజరాజేశ్వరి సంయుక్తకు ఇచ్చింది. అప్పుడు అతని ముఖంలో కనిపించిన మంట రజితకు కొత్తది కాదు. ఆమె కడుపులోనూ అదే ఉంది.

సంతకం పెడితే సోమవారం కుర్చీ తనది. ఈ పిల్ల సాయంత్రానికే బ్యాడ్జి ఇచ్చేసి గచ్చిబౌలి రోడ్డు మీద నిలబడుతుంది. రజిత పెన్ను మూత తీసింది. సంయుక్త ఆమె వైపే చూస్తోంది. ఆ చూపులో వేడుకోలు కూడా లేదు. ఈమె నన్ను కాపాడదని ముందే తెలిసిన చూపు.

అది రజితకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నాలుగయ్యింది," అంది రాజరాజేశ్వరి. "పేరు చెప్పు రజితా."

"ఏందాలోచన? పెట్టెయ్," అన్నాడు వేణు, కొంచెం తొందరగా.

రజిత రిపోర్టును అతని వైపే తోసింది. "నాకు గీ పిల్లంటే పడదు మేడం. గది అందరికీ ఎరుకే. కానీ ఆ మూడు చెక్కుల్లో పేరు కొట్టిన తీరు చూడుర్రి. మెసర్స్ తీసేసిండ్రు. అట్ల కొట్టే మనిషి ఈ గదిలో ఒక్కడే మిగిలిండు. నాకు కీబోర్డు మీద చెయ్యి పెట్టడం నేర్పిన మనిషి."

రజిత పెన్ను మూత పెట్టేసింది.

"వేణన్న."