గ్లేబ్ అడిగిన ముగ్గురు

లెనిన్‌గ్రాద్ లెక్కల ఒలింపియాడ్‌లో కాగితాలు దిద్దే పద్ధతి లేదు. పిల్లవాడు లెక్క చేసుకుంటాడు, చెయ్యెత్తుతాడు, పరీక్షకుడి ఎదురుగా కూర్చుని నోటితో చెప్తాడు. ఒప్పయితే ప్లస్, తప్పయితే మైనస్. ఒక్కో లెక్కకు మూడు అవకాశాలు. మూడు మైనస్‌లు పడితే ఆ లెక్క తలుపు మూసుకుపోయినట్టే, ఇక బతిమాలినా తెరవరు. మొదటి నాలుగు లెక్కల్లో మూడు చేసినవాళ్ళను మాత్రం లేపి, పక్క గదిలోకి తీసుకెళ్ళి, అసలైన లెక్కలు ఇస్తారు. ఏడాదంతా ఈ పిల్లలు కలలు కనేది ఆ పక్క గది గురించే. అక్కడ బాగా చేసినవాళ్ళకు నగరం జట్టులోనూ, లెక్కల బడిలోనూ చోటు దొరుకుతుంది.

ఆ ఫిబ్రవరి ఆదివారం కిటికీ పక్క బల్ల దగ్గర పరీక్షకురాలిగా కూర్చున్న ఫాయినా ల్వోవ్నాకు పక్క గది మీద ధ్యాస లేదు. ఆవిడ ధ్యాసంతా నాలుగో లెక్క మీదే ఉంది. అది ఆవిడ భర్త గ్లేబ్ కట్టిన ఆఖరి లెక్క. నవంబరులో ఆసుపత్రి మంచం మీద కట్టాడు. డిసెంబరులో పోయాడు.

లెక్క ఇది. ఒక దీవిలో ముగ్గురున్నారు. ఒకడు ఎప్పుడూ నిజమే చెప్తాడు, ఒకడు ఎప్పుడూ అబద్ధమే చెప్తాడు, మూడోవాడు గాలివాటం మనిషి, ఆ క్షణాన నోటికేది వస్తే అదే అంటాడు. ఎవరెలాంటివాడో వాళ్ళకు తెలుసు, మనకు తెలియదు. మన మాట వాళ్ళకు అర్థమవుతుంది గానీ, అవును, కాదు అన్నవి మాత్రం తమ భాషలోనే అంటారు. ఒక మాట 'తిమ్', ఇంకోటి 'గుబ్'. ఏది అవునో, ఏది కాదో తెలియదు. ఒక్కో ప్రశ్న ఒక్కరినే అడగాలి. అవును అనే మాట ఏదో కచ్చితంగా తేలాలంటే కనీసం ఎన్ని ప్రశ్నలు కావాలి?

గ్లేబ్ జవాబు మూడు. ముగ్గురినీ 'నువ్వు ఎప్పుడూ నిజమే చెప్పేవాడివా?' అని అడగాలి. నిజాలవాడు అవునంటాడు. అబద్ధాలవాడు కూడా అవుననే అంటాడు, వాడి బతుకే అది కదా. గాలివాటంవాడు ఏమన్నా సరే, కనీసం ఇద్దరి నోట వచ్చిన మాటే అవును. మరి రెండు ప్రశ్నలు ఎందుకు చాలవు? అడిగిన ఇద్దరిలో ఒకడు గాలివాటంవాడు కావచ్చు, ఎవడో తెలియదు, కాబట్టి ఏ మాటనూ నమ్మలేం. చిన్నగా, ముద్దుగా ఉంది లెక్క. గ్లేబ్ జ్ఞాపకంగా దాన్ని నాలుగోదిగా పెట్టారు. ఆ గదిలో ఇప్పటికే పదిమంది దాకా 'మూడు' అని చెప్పి ప్లస్ కొట్టుకుపోయారు.

ఉల్యానా ఒక్కతే చెప్పలేదు. కోల్పినో నుంచి తెల్లవారగానే రైలెక్కి వచ్చిన పిల్ల, ఎనిమిదో తరగతి, మోచేతుల దగ్గర అతుకులున్న స్వెటరు. రెండు లెక్కలు చేసేసింది. మూడోది ఆమెకు లొంగలేదు. ఇక మిగిలింది ఇదే. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ 'రెండు ప్రశ్నలు చాలు' అంది. మొదటిసారి ఎలాగో చెప్పలేకపోయింది. రెండోసారి ఏదో ప్రశ్న చెప్పింది గానీ, తిమ్ అంటే ఏమిటో తెలియకుండా ఆ జవాబుతో ఏం చేస్తావని ఫాయినా అడిగేసరికి నాలుక కరుచుకుని లేచిపోయింది. రెండు మైనస్‌లూ న్యాయంగానే పడ్డాయి.

ఇప్పుడు మూడోసారి వచ్చి కూర్చుంది.

"చెప్పమ్మా. ఎన్ని?"

"రెండండీ."

పక్క బల్ల దగ్గరున్న యాకొవ్ తల తిప్పాడు. గ్లేబ్ చేతి కింద పెరిగినవాడే, ఇప్పుడు తనూ పిల్లలకు చెప్తున్నాడు. "మళ్ళీ రెండేనా? ఫాయినా ల్వోవ్నా, మైనస్ వేసేయండి. టైమ్ అయిపోవస్తోంది, బయట అయిదుగురు నిలబడ్డారు."

ఫాయినా పెన్ను ఎత్తింది. నిజం చెప్పాలంటే ఆవిడకు కోపంగానే ఉంది. గ్లేబ్ చాలవని నిరూపించిన రెండును పట్టుకుని ఈ పిల్ల కుందేటికి మూడే కాళ్ళన్నట్టు వాదిస్తోంది.

"చూడమ్మా, మూడుతో ఎలా చెయ్యాలో నీకు తెలీదా?"

"తెలుసండీ. మూడుతో ఎవరికైనా వస్తుంది."

"మరి అదే చెప్పొచ్చుగా?"

"కనీసం ఎన్ని అని కదండీ అడిగారు. రెండుతో అయ్యేదాన్ని మూడని ఎలా చెప్పను?" పిల్ల పక్క గది తలుపు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "మీరే ఆ ముగ్గురూ అవండి. ఎవరెవరో కాగితం మీద రాసి దాచుకోండి. నేను అడుగుతా."

అది వాళ్ళ పద్ధతే. పరీక్షకులు దీవి మనుషుల వేషం కట్టి పిల్లలను ఓడించడం గ్లేబ్‌కు మహా సరదా. ఫాయినా ఒక చీటీ తీసుకుంది. మొదటివాడు అబద్ధాలవాడు, రెండోవాడు గాలివాటం, మూడోవాడు నిజాలవాడు, గుబ్ అంటే అవును. చీటీ తిరగేసి పెట్టింది.

"మొదటివాణ్ణి అడుగుతున్నానండీ. 'రెండోవాడు గాలివాటమా అని నిన్ను అడిగితే, నువ్వు తిమ్ అంటావా?'"

ఫాయినా వేళ్ళు బల్ల మీద ఆడించింది. రెండోవాడు గాలివాటమే. అలా అడిగితే అబద్ధాలవాడు కాదంటాడు, అంటే తిమ్ అంటాడు. తిమ్ అంటావా అంటే నిజానికి అవును. వాడు అబద్ధాలవాడు కాబట్టి కాదనాలి. కాదంటే తిమ్.

"తిమ్."

"అయితే మూడోవాడి దగ్గరకు వెళ్తాను. 'నువ్వు ఎప్పుడూ నిజమే చెప్పేవాడివా?'"

"గుబ్."

"గుబ్ అంటే అవును."

ఫాయినా చీటీ తిప్పలేదు. "ఇంకోసారి" అంది. ఈసారి మొదటివాణ్ణే గాలివాటంవాణ్ణి చేసింది, రెండోవాణ్ణి అబద్ధాలవాణ్ణి చేసింది, అవునుకు తిమ్ అని రాసింది. దీంతో బోల్తా పడాలి. అదే ప్రశ్న వచ్చింది. నోటికొచ్చినట్టు "గుబ్" అంది.

"గుబ్ అంటే ఈసారి రెండోవాణ్ణే అడుగుతా. 'నువ్వు ఎప్పుడూ నిజమే చెప్పేవాడివా?'"

అబద్ధాలవాడు అవుననే అనాలి. "తిమ్."

"తిమ్ అంటే అవును" అంది ఉల్యానా. ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. "అలా మెలికపెట్టి అడిగితే అబద్ధం మీద అబద్ధం పడి కొట్టుకుపోతుందండీ. తిమ్ అంటే ఏదైనా సరే, అదీ రెండుసార్లు వచ్చి కొట్టుకుపోతుంది. మొదటివాడు గాలివాటం కాకపోతే, తిమ్ అన్నప్పుడు రెండోవాడు గాలివాటమే, గుబ్ అన్నప్పుడు కాదు. ఒకవేళ మొదటివాడే గాలివాటమైతే, మిగతా ఇద్దరిలో ఎవరి దగ్గరకు వెళ్ళినా పర్లేదు కదా. కాబట్టి తిమ్ అంటే మూడోవాడి దగ్గరకు, గుబ్ అంటే రెండోవాడి దగ్గరకు. అక్కడ గాలివాటంవాడు ఉండనే ఉండడు. ఒక్క ప్రశ్న మాత్రం చాలదండీ, అడిగినవాడే గాలివాటం కావచ్చుగా."

ఫాయినా కిటికీలోంచి బయటకు చూసింది. నది మీద మంచు గడ్డకట్టుకుపోయి ఉంది. గ్లేబ్ ఎక్కడ జారాడో ఆవిడకు తెలిసిపోయింది. రెండో ప్రశ్న ఎవరిని అడగాలో ముందే నిర్ణయించేసుకున్నాడు. ఈ పిల్ల మొదటివాడి జవాబు విన్నాక నిర్ణయించుకుంది. అంతే తేడా. పాతికేళ్ళు పిల్లలకు 'ముందు విను, తర్వాత నడువు' అని నూరిపోసిన మనిషి తనే వినకుండా నడిచాడు. ఆ పిల్ల ముందు ఏడవడం బాగోదని లేచింది.

"ఇక్కడే కూర్చో. కదలకు."

జ్యూరీ పెద్ద అర్సేనీ ప్లాతొనొవిచ్ నడవాలో టీ కాచే సమోవార్ పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. గ్లేబ్‌తో కలిసి చదువుకున్నవాడు. ఫాయినా చీటీ అందించి జరిగింది చెప్పింది. యాకొవ్ కూడా లేచి వచ్చాడు. అర్సేనీ చీటీ వెనక గీతలు గీసుకుని, రెండుసార్లు సరిచూసుకుని, గ్లాసు కింద పెట్టాడు.

"పిల్ల చెప్పిందే ఒప్పు" అన్నాడు. "అయితే ఇది మనం ఎలా చూడలేదు?"

యాకొవ్ ఆ చీటీ వైపు వంగి చూశాడు.

"నన్ను అడిగారు" అన్నాడు యాకొవ్ మెల్లగా. "ఆసుపత్రిలో. 'చూశావా యాషా, సరిగ్గా ఉందా?' అన్నారు. మీరు ఎలాగూ చూసుంటారనుకుని, సరిగ్గానే ఉందన్నాను."

"నన్నూ అడిగాడు" అన్నాడు అర్సేనీ. "చూసే ఉంటాను. లేదు, చూడలేదు. ఆయన చెయ్యి చూశాను. ఎముకలు తేలిపోయి ఉంది. బ్రహ్మాండంగా ఉంది గ్లేబ్, అన్నాను."

ఫాయినాను మూడుసార్లు అడిగాడు. మొదటిసారి మందు గ్లాసు అందిస్తూ అవునంది. రెండోసారి దిండు సర్దుతూ అవునంది. మూడోసారి ఆయన చెయ్యి పట్టుకుని, "ఎందుకు ఒకటే అడుగుతావు, అవునన్నానుగా" అని విసుక్కుంది. ఆయన నవ్వి, ఇంకేమీ అడగలేదు. ఆయనకు తెలుసా? తెలిసే ఉంటుంది. ముగ్గుర్నీ అడిగాడు, ముగ్గురూ ప్రేమకొద్దీ గాలివాటం మనుషులే అయ్యారు. అవునన్నారు గానీ ఆ అవునులో అవును లేదు. ఒక్కరైనా నిఖార్సయిన మనిషి దొరుకుతాడేమోనని ఆయన వెతుక్కుంటుంటే, ఆయన పక్కన ఎవరూ లేకపోయారు.

"ఒక పని చేద్దాం" అన్నాడు అర్సేనీ గొంతు తగ్గించి. "పిల్లకు ప్లస్ వేసి పంపించేద్దాం. మనలో మాటగా ఉండనీ. ఒలింపియాడ్ లెక్కలు పుస్తకంలో వేసేటప్పుడు జవాబు మార్చేద్దాం. గ్లేబ్ లెక్క తప్పని ఇంతమంది ముందు ఎందుకు చాటడం? ఆయన్ను పడుకోనీ."

యాకొవ్ తల ఊపాడు.

"వద్దు" అంది ఫాయినా. "పిల్లలకు చెప్పాలి. గ్లేబ్ అయితే చెప్పేవాడా, కాదా? ఆలోచించి చెప్పు. ఈసారి చూసి మరీ చెప్పు అర్సేనీ."

అర్సేనీ ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. చీటీని మరోసారి చూసి, "చెప్పేవాడు" అన్నాడు. "ఎగిరి గంతేసి చెప్పేవాడు."

ఫాయినా గదిలోకి వచ్చి సుద్దముక్క అందుకుంది. పిల్లలంతా తలలెత్తారు. నల్లబల్ల మీద రాసింది. నాలుగో లెక్క. మా జవాబు మూడు. అది తప్పు. సరైన జవాబు రెండు. తర్వాత వాళ్ళ వైపు తిరిగింది.

"మూడని చెప్పి ప్లస్ తీసుకున్నవాళ్ళు భయపడకండి, మీ ప్లస్‌లు మీవే. తప్పు మాది. ఈ లెక్క కట్టింది గ్లేబ్ వేనియమీనొవిచ్, నా భర్త. రెండుతో అవుతుందని ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరే కనిపెట్టారు. మాలో ఒక్కరమూ కనిపెట్టలేదు."

ఉల్యానా ముఖం పాలిపోయింది. అభినందిస్తున్నారో తిడుతున్నారో తెలియనట్టు చూస్తోంది. ఫాయినా ఆమె పేరు ఎదురుగా, రెండు మైనస్‌ల పక్కన, ప్లస్ గీసింది.

"పద. సామాన్లు తీసుకో."

పక్క గది తలుపు దాకా తనే నడిపించుకెళ్ళింది. తలుపు దగ్గర పిల్ల ఆగింది.

"నేను... నాకు తెలీదండీ, ఆయన మీ..."

"తెలిస్తే మూడని చెప్పేదానివా?"

ఉల్యానా తొందరపడలేదు. నిజంగానే ఆలోచించింది. "లేదండీ" అంది, కళ్ళనీళ్ళతో.

"అదే కావాల్సింది" అంది ఫాయినా, ఆమె భుజం తట్టి లోపలికి పంపించింది.

సాయంత్రం బల్లలు ఖాళీ అయ్యాయి. అర్సేనీ, యాకొవ్ కోట్లు తొడుక్కుని ఆవిడ కోసం కింద ఎదురుచూస్తున్నారు. ఫాయినా తడిగుడ్డ తీసుకుని నల్లబల్ల తుడవబోయి ఆగింది. తను రాసినదాన్ని మొదటినుంచీ చదువుకుంది. మంచం మీది ఆ గొంతు మళ్ళీ అడిగింది. చూశావా ఫాయా? సరిగ్గా ఉందా?

"లేదు గ్లేబ్" అంది ఆవిడ పైకే. "సరిగ్గా లేదు. ఇప్పుడే చూశాను."