కర్త లేని రిపోర్టు

రిపోర్టు రాయడమంటే కన్యాకుమారి మేడమ్‌కి మంచినీళ్లు తాగినంత తేలిక. కోటబొమ్మాళి దగ్గర ఆ హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా తెలుగు చెబుతోంది. పై ఆఫీసుకి వెళ్లే కాగితం ఏదైనా హెడ్మాస్టరు జగన్నాధం గారు తెచ్చి ఆవిడ టేబుల్ మీదే పెడతారు. "మీ చేత్తో రాస్తే వంక పెట్టడానికి ఉండదు మేడమ్" అంటారు. ఆ మాటకి ఆవిడ కరిగిపోయేది. తిట్టేవాళ్లతో మనకేమీ నష్టం లేదండీ, మనిషిని ముంచేది పొగిడేవాళ్లే.

మొన్న బుధవారం జగన్నాధం గారు సెలవు. స్కూలు బాధ్యత మేడమ్‌ది. రాత్రంతా వాన కురిసి పొద్దున్నకి తెరిపిచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ట్యాంకులో చుక్క నీరు లేదు. మూడొందల మంది పిల్లలు ఎంగిలి కంచాలు పట్టుకుని ఒకటే గోల. మేడమ్ అటెండరు దాలయ్యని కేకేసి మోటారు వెయ్యమంది. వాడు కదల్లేదు.

"స్టార్టరు పెట్టె తడిసిపోయున్నాదమ్మా. మోటారేస్తే గొట్టం జివ్వుమంతన్నాది. ఈ పూటకి ఒద్దు" అన్నాడు.

"రోజూ ఇదే పాట. ఏం కాదులే, వెయ్యి."

"అమ్మా, నా మాటినండి."

"వెయ్యమన్నానా!" అని గట్టిగా కసిరింది.

వాడు వెళ్లి వేశాడు. కుళాయి దగ్గర తొమ్మిదో తరగతి రేఖ ఇనప గొట్టం పట్టుకుని, కంచంతో నీళ్ల కోసం నిలబడి ఉంది. అరవడానికి కూడా నోరు రాలేదా పిల్లకి. దాలయ్యే కట్టె పెట్టి కొట్టి విడిపించాడు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. పిల్లకి ఆ సంగతి ఇంకా తెలియదు. మందుల మత్తులో ఉంది, చేతికి మోచేతి దాకా కట్టు.

ఆ సాయంత్రమే రిపోర్టు పంపమన్నారు పైవాళ్లు. మేడమ్ కాగితం ముందేసుకుని కూర్చుంది. కళ్లు మూసినా తెరిచినా ఆ పిల్లే. "నేను దాలయ్య చేత" అని మొదలుపెట్టింది. కొట్టేసింది. "దాలయ్య" అని మొదలుపెట్టింది. అదీ కొట్టేసింది. పాపం, వాడు వద్దన్నాడు కదా! చివరికి అలవాటైన దారే పట్టింది: "మధ్యాహ్నం 1.20కి మోటారు ఆన్ చేయబడినది. విద్యార్థినికి విద్యుదాఘాతము కలిగినది. వెంటనే ఆసుపత్రికి తరలించబడినది." ఎవరి పేరూ లేదు. ఎవరి పేరూ లేకపోతే ఎవరి మెడకీ ఉచ్చు పడదు, తనకీ, వాడికీ కూడా, అనుకుంది. ఆఫీసు కాగితాలన్నీ ఇంతే కదా. పగిలిన ఆ స్టార్టరు గురించి మూడు నెలలుగా రిజిస్టర్లో జగన్నాధం గారు రాస్తున్నదేమిటి? "రిపేరు చేయించబడును." ఎవరు చేయిస్తారో, ఎవరి చేత చేయిస్తారో దేవుడికే తెలియాలి. మూడు నెలలూ అది చేయించబడుతూనే ఉంది.

ఇంట్లో మొగుడు పక్షవాతంతో రెండేళ్లుగా మంచం మీదున్నాడు. ఆవిడ ఉద్యోగం పోతే ఆ మనిషికి నోట్లో మెతుకు పెట్టేవాళ్లు లేరు. ఇది చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టే. చెప్పినంత మాత్రాన ఆవిడ చేసింది ఒప్పైపోతుందా అంటే, కాదు.

సోమవారం విచారణ. పొద్దున మొదటి పీరియడు పదో తరగతికి పాఠం చెప్పాలి. ఖర్మ కాలి ఆ రోజు పాఠం వాక్యాల మార్పు. బోర్డు మీద రాసింది.

"కూర్మయ్య గట్టు తెంపాడు. ఇందులో పని చేసినవాడు ముందు నిలబడ్డాడు. కూర్మయ్య చేత గట్టు తెంపబడింది. ఇప్పుడు గట్టు ముందుకొచ్చింది, కూర్మయ్య వెనక్కి పోయాడు."

"మేడమ్, 'కూర్మయ్య చేత' తీసేసినా వాక్యం నిలబడుతుందాండి?" శైలజ అని చురుకైన పిల్ల అడిగింది.

"నిలబడుతుంది."

"మరి గట్టు తెగిందీ అంటే?"

"అప్పుడు తెంపినవాడే లేడు. దానంతటది తెగినట్టు."

"మరి కామందు చెబితే కూర్మయ్య తెంపితేనో?"

మేడమ్ సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగింది. మెల్లగా రాసింది: "కామందు కూర్మయ్య చేత గట్టు తెంపించాడు." "ఇక్కడ ఇంకో మనిషి చేరాడమ్మా. పార పట్టింది కూర్మయ్యే. కానీ వాక్యంలో పెద్దపీట చేయించినవాడిది" అంది. నీళ్లు తాగొస్తానని బయటికి వచ్చేసి, స్తంభం చాటున నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

పదకొండింటికి విచారణాధికారి గోవిందరావు గారు వచ్చారు. మంచాయనే. అరవడు, విసుక్కోడు. గేటు దగ్గర ఒక కానిస్టేబులు కూడా నిలబడ్డాడు. హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కింద కూర్చుని గోవిందరావు గారు రిపోర్టు చదివారు.

"చేయబడినది అన్నారు. ఎవరి చేత?"

మేడమ్ నోరు తెరిచేలోపు జగన్నాధం గారు అందుకున్నారు. "మోటారు డ్యూటీ అటెండరుదే కదా సార్."

అంతే! ఆ సాయంత్రం కూర్చుని ఆవిడ ఖాళీగా ఉంచిన చోటు క్షణంలో నిండిపోయింది. ఖాళీ కుర్చీ కనిపిస్తే అందరికంటే చిన్నవాడినే కూర్చోబెడతారని ఇన్నేళ్లు కాగితాలు రాసిన మనిషికి తట్టకపోవడమేమిటి! మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా!

దాలయ్యని పిలిచారు. ఐదు రోజుల్లో వాడు సగమైపోయాడు.

"మోటారు ఎవరు వేశారు?"

"నానే ఏసినాను బాబూ."

"ఎవరైనా చెప్పారా?"

దాలయ్య మేడమ్ వంక ఒక్కసారి చూశాడు. మేడమ్ తల వంచుకుంది. వాడు ఆవిడ మొగుణ్ని భుజాన మోసుకెళ్లి ఆటో ఎక్కించిన మనిషి. ఆ ఇంటి సంగతి వాడికి తెలుసు.

"సెయ్యి నాదే బాబూ. ఏసింది నానే" అన్నాడు.

అబద్ధం కాదది. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"వాంగ్మూలం మీరే రాయండి మేడమ్, మీ రాత బాగుంటుంది" అన్నారు గోవిందరావు గారు. ఆయన చెబుతుంటే ఆవిడ రాసింది. "నేను ఎవరి ఆదేశమూ లేకుండా మోటారు ఆన్ చేసితిని" అన్నచోట పెన్ను ఆగింది. జగన్నాధం గారు దగ్గారు. పెన్ను కదిలింది. ఛీ, పాపిష్టి చెయ్యి! ఆ చెయ్యి నాది కాదు అనుకోవాలని ఆవిడకి ఎంత ఉందో! చివర ఆనవాయితీ మాట: "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొంటిని." చదివి వినిపించాలి కదా. వినిపించింది.

"సరిగ్గా ఉందా దాలయ్యా?" అని అడిగింది, లేదని అంటాడేమో అన్న ఆశతో, అంటాడేమో అన్న భయంతో.

"మీరు రాస్తే తప్పుంటాదేటమ్మా" అని బొటనవేలు సిరా ప్యాడు మీద పెట్టాడు.

తర్వాత రేఖ తల్లిని లోపలికి పిలిచారు. ఝాన్సీలక్ష్మి. పొద్దున్న ఆసుపత్రి నుంచి మొదటి బస్సుకి వచ్చి వరండాలో గోడకానుకుని కూర్చుంది. తేలింది ఏమిటో తల్లికి వినిపించి సంతకం తీసుకోవడం పద్ధతి. గోవిందరావు గారు నెమ్మదిగానే చదివారు. ఆన్ చేయబడినది, కలిగినది, తరలించబడినది, గుర్తించబడినది.

ఆవిడ అంతా విని, "నాకు తెలీలేదు బాబూ. మోటారు ఎవులేసినారు?" అంది.

"అటెండరమ్మా. అతని మీద చర్య తీసుకోబడుతుంది."

ఝాన్సీలక్ష్మి ఊరి వరసకి మావయ్యే దాలయ్య వంక తిరిగింది. "మావా, నువ్వా? నా పిల్లని లాగింది నువ్వే కదా. నువ్వెందుకేసినావు? నీకు తెలీదా?"

దాలయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తల్లి వాడి మీద ఉమ్మబోయినట్టు పెదాలు బిగించింది. ఇంక ఆ గదిలో నిలబడి చూడడం కన్యాకుమారి వల్ల కాలేదు.

"అతను వద్దన్నాడమ్మా" అంది. తన గొంతే తనకి ఎవరిదోలా ఉంది. "తడిగా ఉంది, షాకు కొడుతోంది, వద్దన్నాడు. నేను వినలేదు. కసిరాను. నేనే దాలయ్య చేత మోటారు వేయించాను."



జగన్నాధం గారు లేచారు. "మేడమ్ ఒత్తిడిలో ఉన్నారు సార్! ఐదు రోజులుగా నిద్ర లేదు."

గోవిందరావు గారు కళ్లజోడు తీశారు. ఆయనకి జాలేసింది, అదే వచ్చిన చిక్కు. "మేడమ్, మీ ఇంటి పరిస్థితి విన్నాను. తొందరపడకండి. 'పై సూచన మేరకు మోటారు వేయించబడినది' అని ఒక ముక్క కలుపుతాను. అబద్ధమూ కాదు, మీకు ఇబ్బందీ ఉండదు."

ఎంత తీయటి మాట! ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే, ఆవిడ మనసు దాని మీదికి వాలిపోయింది. మంచం మీది మనిషి గుర్తొచ్చాడు. సరేనండి అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది.

ఝాన్సీలక్ష్మి ముందుకొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టింది. "ఆ ముక్కలో ఈవిడున్నాదా బాబూ?"

"ఉన్నట్టే అమ్మా."

"ఉన్నట్టే అంటే నేదన్నమాటే కదా!"

కన్యాకుమారి వాంగ్మూలం కాగితం తన వైపు లాక్కుని, సిరా ఆరని ఆ వేలిముద్రతో సహా నాలుగు ముక్కలు చేసింది. కొత్త కాగితం తీసి రాసింది. "రిపేరు కాని స్టార్టరు అని తెలిసీ, వద్దని అటెండరు దాలయ్య చెప్పినా వినక, నేను, కన్యాకుమారి, ఆ పూట ఇన్‌చార్జిని, అతని చేత మోటారు వేయించాను." సంతకం చేసి గట్టిగా చదివి వినిపించింది. ఎవరి ముఖమూ చూడలేదు.

దాలయ్య నేల మీద కూలబడ్డాడు. "ఎందుకు రాసినారమ్మా! ఇంటికాడ అయ్యగారు ఏటైపోతారు!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక కూడా ఆవిడకి మనసు తేలికపడలేదు. తేలికపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఝాన్సీలక్ష్మి ఆ కాగితాన్ని కాసేపు చూసింది. తిడుతుందేమో, చెంప మీద కొడుతుందేమో అని అందరూ అనుకున్నారు. కొడితే బాగుండునని కన్యాకుమారికి అనిపించింది.

"నా పిల్లకి సాయంత్రానికి తెలివొస్తాదన్నారు డాక్టర్లు" అంది ఆ తల్లి. "కట్టు సూసి అడుగుతాది, నా యేళ్లేవమ్మా, ఎవులేటి సేసినారని. నాను సెప్పలేను. ఇప్పుడు ఇక్కడ సెప్పినావు సూడు, అలగే నువ్వొచ్చి సెప్పు."

కాగితం మీద రాయడం ఒక ఎత్తు. ఆ పిల్ల మంచం పక్కన, ఆ కట్టు పక్కన నిలబడి, ఆ కళ్లలోకి చూస్తూ అనడం! గుమ్మంలోకి వచ్చిన కానిస్టేబులు ఎవర్ని తీసుకెళ్లాలో తెలియక అధికారి వంక చూస్తున్నాడు.

"స్టేషనుకి రేపొస్తాను బాబూ" అంది కన్యాకుమారి అతనితో. ఝాన్సీలక్ష్మి అప్పటికే వరండా దిగి బస్సు కోసం నడుస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు, రమ్మని మళ్లీ అనలేదు. మేడమ్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆవిడ వెనక బయల్దేరింది.