ముప్పావలా కోత

షావుకారు నారాయణమూర్తి నవ్వాడు. ఎనిమిది రోజుల సమ్మె తర్వాత జీడిపప్పు మిల్లు యజమాని అలా తీరుబడిగా నవ్వితే ఎక్కడో ఏదో తిరకాసు ఉన్నట్టే. కానీ జ్ఞానసుందరికి ఆ క్షణంలో అది తట్టలేదు. గెలిచామన్న ఊపులో ఉంది.

పలాస దాటాక కాశీబుగ్గ వైపు ఉన్న ఆ మిల్లులో ఎనభై నాలుగు మంది ఆడవాళ్లు జీడిపప్పు మీద పొట్టు తీస్తారు. తీసిన కిలోలను బట్టి కూలి. జ్ఞానసుందరి ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తోంది, ఆరేళ్లుగా సంఘం కార్యదర్శి. బాప్టిస్టు మిషన్ బడిలో పదో తరగతి వరకూ చదివింది కాబట్టి కాగితమేదైనా ఆమె దగ్గరికే వస్తుంది. వచ్చిన ప్రతి కాగితం వెనకా ఒక తలనొప్పి కూడా వస్తుంది.

ఈసారి తలనొప్పి పేరు ఈఎస్ఐ. జబ్బు చేస్తే వైద్యం, సెలవు పడితే కొంత డబ్బు ఇచ్చే బీమా. ఆ ఏడాదే మిల్లుకి వర్తించింది. నూరు రూపాయల కూలికి యజమాని మూడుంపావలా కట్టాలి, కూలి మనిషి ముప్పావలా కట్టాలి. చట్టంలో అలా పంచి రాశారు. మొదటి వారం కూలి చీటీలో ఆ ముప్పావలా కోత కనపడగానే షెడ్డంతా గగ్గోలు పెట్టింది. "మా కూలిలో కోతేటి?" అని. జ్ఞానసుందరి కూడా మండిపడింది. పాత దుప్పటి చింపి దాని మీద ఎర్ర రంగుతో రాసింది: ముప్పావలా కూడా యజమానే కట్టాలి. రాసింది తనే. నినాదం కట్టింది తనే. ఇప్పుడు తలుచుకుంటే తనని తనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

"రెండు కాగితాలు రాయించాను," అన్నాడు షావుకారు. "మూడేళ్ల ఒప్పందం. మీకేది నచ్చితే దాని మీద సంతకం ఎట్టండి."

మొదటి కాగితంలో రేటు నూటికి ముప్పావలా పెంచాడు. కోత మాత్రం ఉంటుంది. రెండో కాగితంలో రేటు పాతదే, కానీ ఈఎస్ఐ మొత్తం, నూటికి నాలుగు రూపాయలూ, తనే కడతానన్నాడు.

జ్ఞానసుందరి పక్కన ఆమె అన్న కూతురు గ్లోరీ కూర్చుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, గొంతు మాత్రం నలుగురి పెట్టు. రెండో కాగితం చూడగానే ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అత్తా! ఒప్పేసుకున్నాడే! గెలిసేం!"

అప్పుడు నవ్వాడు షావుకారు. జ్ఞానసుందరి కలం అందుకుని, మూత తీసి, ఆగింది. ఎనిమిది రోజులు గేటు ముఖం చూడని మనిషి ఇంత సులువుగా ఎలా దిగాడు? తీసిన మూత మళ్లీ పెట్టింది.

"బాబూ, మీకు ఏది లాభమండి?" అని అడిగేసింది.

"నాకా? రెండూ ఒకటే," అన్నాడాయన. అబద్ధమాడే అవసరం కూడా లేదు కాబోలు. "నూరు రూపాయల పనికి నా దగ్గర నూట నాలుగు ఉన్నాది. అంతకు మించి ఈ ఏడాది పెట్టలేను. ఆ నాలుగూ ఎవరి పేరున కట్టమంటే అలాగ కడతాను. నాకేటి పోయింది?"

జ్ఞానసుందరి చీటీ వెనక లెక్క వేసింది. మొదటి కాగితం ప్రకారం కూలి నూరు రూపాయల ముప్పావలా. అందులో తమ కోత ముప్పావలా పైచిలుకు పోతే చేతికొచ్చేది నూరుకు పైసా కూడా తక్కువ కాదు. దాని మీద ఆయన వాటా మూడుంపావలా. ఆయన జేబులోంచి పోయేది నూట నాలుగు రూపాయల రెండు పైసలు. రెండో కాగితం ప్రకారం చేతికి నూరు, ఆయనకి నూట నాలుగు. మళ్లీ వేసింది. మళ్లీ అంతే. కట్టేవాడి పేరు అటు మారినా ఇటు మారినా ఆయన ఖర్చు కదల్లేదు, తమ చేతి డబ్బు కదల్లేదు.

కదలనిది ఇంకొకటి కూడా ఉంది. కిందటి ఒప్పందంలో నూటికి ఆరు రూపాయలు పెరిగింది. ఈసారి పెంపు ఏది? నాలుగు రూపాయలు ఈఎస్ఐకి వెళ్లిపోయింది. చట్టం యజమాని నెత్తిన పెట్టిన మూడుంపావలా కూడా, రాని పెంపు రూపంలో, తామే కడుతున్నారు. జీతంలోంచి తన వాటా కోసుకోకూడదని చట్టం యజమానికి గట్టిగానే చెప్పింది. పెంచకుండా ఊరుకోకూడదని మాత్రం చెప్పలేదు. సంతకం పెడితే మూడేళ్లు ఇంతే. ఉప్పూ పప్పుల ధరలు మూడేళ్లు ఆగుతాయా?

"రేపు వస్తాం బాబూ," అంది జ్ఞానసుందరి. "సంఘం ముద్ర ఇంటి దగ్గర ఉండిపోనాది."

ముద్ర ఆమె సంచిలోనే ఉంది. ప్రభువు క్షమించాలి.

గేటు బయట అప్పటికే వార్త పాకిపోయింది. గ్లోరీ నోటికి తాళం వేయడం ఎవరి తరం? ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. జ్ఞానసుందరి లెక్క విప్పి చెప్పబోయింది. ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పింది. మూడోసారి వేళ్లు మడిచి చెప్పింది.

"కోత ఉండదు కదా అత్తా?" అంది గ్లోరీ.

"ఉండదే. కానీ పెంపూ ఉండదే!"

"మనం అడిగింది కోత తియ్యమనే కదా. నువ్వే కదా రాసేవు."

"నానే రాసేను! బుద్ధి నేక రాసేను! ఎవడు కడతాడని అడిగేను గానీ, శనారం నాడు సేతికి ఎంత వస్తాదని అడగనేదు!"

"ఇప్పుడు మాట మారిస్తే నలుగురూ ఏటనుకుంటారు? షావుకారు నిన్ను కొనేశాడనుకుంటారు."

అన్నది మేనకోడలు కాకపోతే చెంప పగిలేది. జ్ఞానసుందరికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నూటికి ముప్పావలా కోసం వారం పైన కూలి పోగొట్టుకుని, ఆ ముప్పావలా వస్తుంటే మిగతాదంతా వదిలేద్దామంటున్నారు. వాళ్లకి ఆ దారి చూపించింది తనే. ఎవరిని తిట్టాలి?

ఆ సాయంత్రం కూర్మమ్మ వచ్చింది. షెడ్డులో అందరికంటే పెద్దది, అరవై దాటింది. వచ్చింది ఒప్పందం గురించి కాదు. కోడలి మీద చాడీలు చెప్పడానికి.

"సూడే జ్ఞానం, మా కోడలు సమ్మె అయ్యీదాకా ఉండనేదు. మందస రోడ్డులో కొత్త మిల్లు ఎట్టేరు కదా, అక్కడికి ఎల్లిపోనాది. సంఘానికి ద్రోహం కాదేటే?"

"రేటు ఎంతంట?"

"మనకాడ నూరు వచ్చే పనికి అక్కడ నూట ఎనిమిదంట. అక్కడా కోస్తన్నారు మరి. కోసేక సేతికి నూట ఏడు పైన వస్తాదని సెప్పింది. పొద్దున్నే ఆటో కూడా పంపుతన్నారు. మనుషులు సాలట్లేదంట. మన షెడ్డులోంచి ఇప్పటికే తొమ్మండుగురు ఎల్లేరు."

జ్ఞానసుందరి చేతిలో ఉన్న అన్నం గరిటె గిన్నెలో పెట్టేసింది.

"పిన్నీ, నీ కోడలు ద్రోహం చెయ్యనేదే. మన పని చేసి పెట్టింది," అంది.

కూర్మమ్మకి అర్థం కాలేదు. చాడీ చెప్పడానికి వస్తే మెచ్చుకోలు ఎదురయ్యేసరికి చిన్నబుచ్చుకుని కూర కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

మర్నాడు జ్ఞానసుందరి ఒక్కతే షావుకారు గదిలోకి వెళ్లింది. నినాదాల సంగతి ఎత్తలేదు. ముప్పావలా మాట ఎత్తలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. అందులో మందస రోడ్డు ఆటో ఎక్కడానికి సిద్ధంగా ఉన్న ఇరవై ఒక్క మంది పేర్లున్నాయి. రాత్రీ పొద్దున్నా ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకున్నవి. ఒక్కటీ ఉత్త పేరు కాదు.

షావుకారు పేర్లన్నీ చదివాడు. ఈసారి నవ్వలేదు.

"దీపావళి సరుకు ఇరవై రోజుల్లో పంపాలి," అన్నాడు.

"తెలుసండి."

"నా దగ్గర నూట నాలుగే ఉన్నాదని సెప్పాను కదా."

"సెప్పారండి. మనుషులు నేకపోతే ఆ నూట నాలుగూ మీ దగ్గరే ఉంటాదండి."

ఆయన ఆ పేర్లు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. చట్టం పేర్లు రాసి పెట్టింది, ఇది నీది, అది నీది అని. బరువు మాత్రం ఆ పేర్లు చదవదు. పక్కకి తప్పుకోలేని వాడి మీద పడుతుంది. మొన్నటిదాకా తప్పుకోలేనిది ఆడవాళ్లు. ఇవాళ కొత్త మిల్లు పుణ్యమా అని తప్పుకోలేనిది నారాయణమూర్తి.

"నూట ఏడు," అన్నాడు చివరికి. "అక్కడి కంటే రూపాయి తక్కువే. కానీ మీ ఇళ్లకి ఇది దగ్గర. నా వాటా ఎలాగూ నేనే కట్టుకోవాలి, మొత్తం నూట పదిన్నర అవుతాది. ఇంక నా వల్ల కాదు. ఒక్క షరతు. మీ ముప్పావలా కోత మాత్రం చీటీలో ఉండాలి. రేటూ పెంచి, కోతా తీసేశానంటే మిగతా మిల్లుల వాళ్లు నన్ను బతకనివ్వరు."

నూట ఏడులో ఎనభై పైసలు పోతే నూట ఆరు రూపాయల ఇరవై పైసలు. జ్ఞానసుందరి సంచిలోంచి ముద్ర తీసి, నొక్కి, సంతకం పెట్టింది. నిన్న ఇంటి దగ్గర ఉండిపోయిన ముద్ర ఇవాళ ఇంత తొందరగా ఎలా వచ్చిందని ఆయన అడగలేదు.

గేటు బయట చప్పట్లు లేవు. "రేటు పెరిగింది" అంటే కొందరు తలూపారు. "కోత ఉంటాది" అనగానే అందరి మొహాలూ మాడిపోయాయి.

"ఎనిమిది రోజులు ఎండలో కూకుని ఆఖరికి కోతకే ఒప్పుకున్నామా?" అంది గ్లోరీ, షెడ్డు చివరిదాకా వినపడేలా. "తియ్యడానికి ఒప్పుకున్నోడి సేతే మళ్లీ ఎట్టించేవు కదత్తా!"

"ఒసే, శనారం దాకా ఆగండే. సేతిలో డబ్బు లెక్కెట్టుకోండే," అంది జ్ఞానసుందరి. లెక్క మళ్లీ చెప్పే ఓపిక లేదు. చెప్పినా వినేవాళ్లు లేరు.

శనివారం చీటీలు వచ్చాయి. ప్రతి చీటీలోనూ కోత అన్న వరుస నల్లగా, స్పష్టంగా ఉంది. దాని కిందున్న పెద్ద అంకెని ఎవరూ గట్టిగా చదవలేదు. ఆ మర్నాడు సంఘం సమావేశం పెట్టి, చేతులెత్తించి, కొత్త కార్యదర్శిని ఎన్నుకున్నారు. గ్లోరీకి అరవై మూడు చేతులు లేచాయి. జ్ఞానసుందరికి పదకొండు. గ్లోరీ మొట్టమొదటి ప్రసంగంలోనే, వచ్చే ఒప్పందంలో ముప్పావలా యజమాని చేతే కట్టించి తీరుతానని మాటిచ్చింది. చప్పట్లు మిల్లు గోడలు దాటి రోడ్డు మీదికి వినపడ్డాయట.

సోమవారం పొద్దున్న జ్ఞానసుందరి ఎవరితోనూ మాట్లాడకుండా తన పీట వేసుకుని కూర్చుంది. పొట్టు తీసే చాకు చేతిలోకి తీసుకుంది. ఆరేళ్లలో మొదటిసారి ఆమె దగ్గరికి ఎవరూ కాగితం పట్టుకు రాలేదు. దానికి సంతోషించాలో బాధపడాలో తెలియక ఇంకా చిరాకు పడుతోంది. కూర్మమ్మ తన పీట లాక్కుంటూ వచ్చి పక్కనే చతికిలబడింది. నాలుగు పప్పులు ఒలిచాక, తల ఎత్తకుండానే అంది.

"నీకు సెయ్యి ఎత్తనేదే జ్ఞానం. ఏటీ అనుకోకు. కోతకి ఒప్పుకున్నావని మనసు ఒప్పనేదు."

"సరే పిన్నీ."

"డబ్బులు మట్టుకు బాగున్నాయే. మా కోడలిని కూడా ఇక్కడికే వచ్చీమన్నాను."